మా పేరుతో ఉద్యోగాలంటే నమ్మకండి: కంపెనీ హెచ్చరికలో ఉన్నదెంత, లేనిదెంత

పెద్ద కంపెనీల కెరీర్స్ పేజీలో ఓ మూలన చిన్న అక్షరాల్లో ఒక నోటీసు ఉంటుంది. తమ పేరు వాడుకుని కొందరు దొంగ ఆఫర్లు ఇస్తున్నారని, అభ్యర్థులు జాగ్రత్తగా ఉండాలని దాని సారాంశం. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో లాంటి కంపెనీలు ఎప్పటినుంచో ఇలాంటి నోటీసులు పెడుతున్నాయి. దరఖాస్తు పంపే హడావిడిలో దాన్ని చదివేవాళ్లు తక్కువ. డబ్బు కట్టేశాక అనుమానం మొదలై, కంపెనీ పేరు పక్కన ‘ఫేక్’ అని కొట్టి వెతికినప్పుడు మాత్రం అదే మొదట కనబడుతుంది.

ఏ కంపెనీ నోటీసు తీసుకున్నా అందులో మాటలు నాలుగే. ఉద్యోగానికి మేం డబ్బు అడగం. జీమెయిల్, యాహూ లాంటి ఉచిత మెయిళ్ల నుంచి ఆఫర్లు పంపం. అనుమానం వస్తే ఫలానా ఐడీకి రాయండి. మోసపోతే మేం బాధ్యులం కాం. నాలుగోది కంపెనీ లాయరు కోసం రాసుకున్నది, దాన్ని పక్కన పెట్టొచ్చు. మిగిలిన మూడూ అభ్యర్థికి పనికొచ్చేవే కానీ వాటి బలం ఒకటి కాదు. మొదటిది గట్టిది. రెండోది సగమే నిజం. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు, నిజానికి అసలు పని జరిగేది అక్కడే.

ఇది అర్థం కావాలంటే ఒక కేసును మొదటినుంచి చూడాలి. ఇది ఏ ఒక్కరికో జరిగినది కాదు. ఇలాంటి మోసాలు ఎలా నడుస్తాయో చూపించడానికి కూర్చిన నమూనా.

శుక్రవారం సాయంత్రం ఆరు నలభై

బీటెక్ పూర్తయి ఏడాది దాటిన అమ్మాయి. గుంటూరు దగ్గర ఊరు. జాబ్ పోర్టల్‌లో రెజ్యూమె పెట్టింది, అందులో ఫోన్ నంబరు, మెయిల్, కాలేజీ పేరు, మార్కుల శాతం అన్నీ ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం ఆరు నలభైకి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ప్రొఫైల్ ఫొటోగా ఓ పెద్ద ఐటీ కంపెనీ లోగో. ‘మీ రెజ్యూమె షార్ట్‌లిస్ట్ అయింది, ఇప్పుడే టెలిఫోనిక్ రౌండ్ ఉంటుంది’ అని. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది. జావా గురించి రెండు ప్రశ్నలు, ‘మీ గురించి చెప్పండి’ అని ఒకటి. అరగంటలో మెయిల్‌కు ఆఫర్ లెటర్. ఏడాదికి 4.2 లక్షలు, పోస్టింగ్ హైదరాబాద్, జాయినింగ్ వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం.

లెటర్ చివర చిన్న మెలిక ఉంది. డాక్యుమెంట్ వెరిఫికేషన్ కోసం 2,850 రూపాయలు కట్టాలి, మొదటి జీతంతో కలిపి వెనక్కి ఇచ్చేస్తారు, గడువు శనివారం మధ్యాహ్నం పన్నెండు.

ఇంట్లో చర్చ ఎలా నడుస్తుందో ఊహించడం కష్టం కాదు. “నాన్నా, డబ్బులు అడుగుతున్నారు, డౌట్‌గా ఉంది” అంటుంది ఆ అమ్మాయి. “పోతే మూడు వేలు లోపే కదమ్మా, వస్తే ఉద్యోగం” అంటాడు ఆయన. మోసగాళ్లు ఆ మొత్తాన్ని పెట్టింది సరిగ్గా ఈ మాట కోసమే. అడగ్గానే ఒకరి దగ్గర ఉండే మొత్తం అది. పోలీస్ స్టేషన్ దాకా వెళ్లేంత పెద్దదీ కాదు. అది కట్టాక లాప్‌టాప్ డిపాజిట్ అని 8,600 అడుగుతారు, ఆ తర్వాత బాండ్ రిజిస్ట్రేషన్ అని 14,900. మూడూ కలిపితే 26,350. రెండో మెట్టు దగ్గర ఆగడం మొదటి మెట్టు దగ్గర ఆగడం కన్నా కష్టం. ఎందుకంటే ఇప్పుడు ఆగితే కట్టిన 2,850 పోయినట్టు ఒప్పుకోవాలి. అందుకే ‘రీఫండబుల్’ అన్న మాట అంత బాగా పనిచేస్తుంది. అది ఖర్చులా కనిపించదు, దాచుకున్న డబ్బులా కనిపిస్తుంది.

శుక్రవారం సాయంత్రం అన్నది కూడా యాదృచ్ఛికం కాదు. కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు, కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసరు సోమవారం దాకా దొరకరు, గడువు మాత్రం శనివారం మధ్యాహ్నానికే. మనుషుల్ని అడిగి సరిచూసుకునే దారులన్నీ మూసి ఉన్న 17 గంటలు అవి.

అచ్చం అసలులా ఉంటే?

ఆ అమ్మాయి తెలివైనదే, లెటర్‌ను పరీక్షించింది. కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసు సరిగ్గానే ఉన్నాయి. అడుగున సీఐఎన్ కూడా ఉంది. సీఐఎన్ అంటే కంపెనీ గుర్తింపు సంఖ్య, మొత్తం 21 అక్షరాలు, అంకెలు. 2013 కంపెనీల చట్టం ప్రకారం లెటర్‌హెడ్ మీద దాన్ని వేయాలి. అదేమీ గుడ్డి నంబరు కాదు, చదవొచ్చు. ఉదాహరణకు ఇన్ఫోసిస్ సీఐఎన్ `L85110KA1981PLC013115`. మొదటి `L` అంటే స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ, లిస్టవకపోతే `U` ఉంటుంది. తర్వాతి ఐదంకెలు వ్యాపార రకం కోడ్. `KA` అంటే కర్ణాటకలో రిజిస్టరైంది. 1981 స్థాపించిన సంవత్సరం. `PLC` అంటే పబ్లిక్ లిమిటెడ్. చివరి ఆరు రిజిస్ట్రేషన్ నంబరు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్లో ఈ సంఖ్య కొడితే కంపెనీ పేరు, అడ్రసు వస్తాయి.

ఆ అమ్మాయి కొట్టింది. సరిపోయింది. ఇక్కడే బోల్తా పడేది. సీఐఎన్ రహస్యం కాదు, ఎవరైనా చూసి లెటర్ కింద అతికించుకోవచ్చు. అది సరిపోయిందంటే లెటర్ తయారుచేసినవాడు అసలు కంపెనీ నంబరును జాగ్రత్తగా కాపీ చేశాడని మాత్రమే తేలింది. అదే సరిపోకపోయి ఉంటే, సైట్లో వేరే పేరు కనిపించి ఉంటే, ఆ లెటర్‌ను అక్కడే పక్కన పడేయొచ్చు.

ఈ వ్యవహారంలో చేసే పరీక్షలన్నిటికీ ఇదే లక్షణం. తప్పు దొరికితే నకిలీ అని దాదాపు ఖాయం. తప్పు దొరక్కపోతే అసలు అని ఖాయం కాదు. లోగో, సంతకం, ముద్ర, జీతం విడివిడిగా చూపించే అనుబంధం, చివరికి ‘మా పేరుతో మోసాలు జరుగుతున్నాయి, జాగ్రత్త’ అన్న కంపెనీ హెచ్చరిక, ఇవన్నీ అతికించుకోగలిగినవే. కంపెనీ సైట్లోని ఆ హెచ్చరికను అక్షరం పొల్లుపోకుండా తీసి నకిలీ లెటర్ కింద పెట్టడానికి పట్టేది రెండు నిమిషాలు. అది చూసినవాళ్లకు ‘ఇంత జాగ్రత్తలు చెబుతున్నారంటే వీళ్లు నిజమైనవాళ్లే’ అనిపిస్తుంది.

మెయిల్ అడ్రసు చదవడం

నోటీసులోని రెండో మాట ఉచిత మెయిళ్ల నుంచి ఆఫర్లు పంపం అన్నది, అంటే మా డొమైన్ నుంచి వచ్చే మెయిళ్లనే నమ్మండి అని. అతికించడం కష్టమైనది ఏదైనా ఉందంటే అది ఇదే, కాబట్టి కొంచెం నిలబడి చూడాలి.

ఫోన్‌లో జీమెయిల్ తెరిస్తే పైన కనబడేది పంపినవాళ్ల పేరు మాత్రమే. ఆ పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. దాని కింద ‘to me’ పక్కన ఉన్న చిన్న బాణం గుర్తు నొక్కితేనే అసలు అడ్రసు బయటపడుతుంది. ఆ అడ్రసులో `@` తర్వాతి భాగం డొమైన్. దాన్ని మనం చదివే అలవాటుకు ఎదురుగా, కుడి నుంచి ఎడమకు చదవాలి. `careers.wipro.com` అని ఉంటే చివరన `com`, దానికి ముందు `wipro`. యజమాని పేరు అదే. దాని ఎడమవైపు ఉన్న `careers` ఆ యజమాని ఇంట్లోని ఓ గది లాంటిది, ఎన్ని గదులైనా పెట్టుకోవచ్చు.

మన నమూనా కంపెనీ డొమైన్ `namuna.example` అనుకుందాం. చివరన `.example` ఉన్న పేర్లను ఇంటర్నెట్‌లో ఉదాహరణల కోసమే పక్కన పెట్టారు, వాటిని ఎవరూ కొనలేరు. ఇప్పుడు ఈ నాలుగింటినీ చూడండి.

```
careers.namuna.example
namuna-careers.example
namuna.joining-desk.example
narnuna.example
```

మొదటిది కంపెనీదే. రెండో దాంట్లో చుక్క బదులు అడ్డగీత ఉంది, అంటే `namuna-careers` అన్నది పూర్తిగా వేరే పేరు, వేరే ఎవరైనా కొనుక్కోవచ్చు. మూడోదాని యజమాని `joining-desk`, కంపెనీ పేరు గదికి తగిలించిన బోర్డు మాత్రమే. నాలుగోది చూపుకు చిక్కదు. `m` ఉండాల్సిన చోట `r`, `n` పక్కపక్కన ఉన్నాయి. ఫోన్ తెర మీద చిన్న అక్షరాల్లో రెండూ ఒకేలా కనబడతాయి. అనుమానం వస్తే అడ్రసును కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి అక్షరాలు పెద్దవి చేస్తే తేడా తెలుస్తుంది.

కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి `Show original` అంటే ఇంకొంచెం లోపలికి వెళ్లొచ్చు. ఫోన్ యాప్‌లో ఈ సదుపాయం ఉండదు. ఆ అమ్మాయికి వచ్చిన మెయిల్లో అక్కడ ఉన్నదాని సారం ఇది.

```
From: Namuna Careers <hr@narnuna.example>
Reply-To: joining@hr-offers.example
spf=pass  dkim=pass  dmarc=pass
```

మూడుచోట్లా `pass` అని ఉంది. ఇది చూసి ‘గూగులే పాస్ చేసింది కదా’ అనుకునేవాళ్లు ఉన్నారు. ఎస్‌పీఎఫ్ చెప్పేది, మెయిల్ పంపిన సర్వర్‌కు ఆ డొమైన్ తరఫున పంపే అనుమతి ఉందా అని. డీకిమ్ ఒక డిజిటల్ సంతకం. ఈ రెంటిలో ఒకటైనా పాసై, అది పాసైన డొమైన్ `From` లో కనిపించే పేరుతో కలిసిందా అని డీమార్క్ చూస్తుంది. ఇక్కడ మెయిల్ నిజంగానే `narnuna.example` నుంచి వచ్చింది కాబట్టి మూడూ పాసయ్యాయి. దొంగ తన సొంత ఇంటి తాళంచెవితో తన ఇంటి తలుపు తీసుకున్నాడు, అందులో తప్పు పట్టడానికేముంది? `From` లో సరైన `namuna.example` ఉండి, డీమార్క్ ఫెయిలైతే మాత్రం అది నకిలీ అనడానికి గట్టి గుర్తు. మళ్లీ అదే లక్షణం.

`Reply-To` వరుస ఎక్కువ పనికొస్తుంది. మెయిల్ ఒకచోటి నుంచి వచ్చి, జవాబు మాత్రం సంబంధం లేని ఇంకోచోటికి పోయేలా ఉంటే ఆగాల్సిందే. రిప్లై కొట్టినప్పుడు ‘టు’ దగ్గర వచ్చే అడ్రసును ఒకసారి చూస్తే చాలు, ఇది ఫోన్‌లోనూ తెలుస్తుంది.

డొమైన్ ఎప్పుడు కొన్నదో కూడా చూడొచ్చు. `.com` పేర్లకైతే `lookup.icann.org` లో కొడితే సృష్టించిన తేదీ వస్తుంది. ఇరవై ఏళ్లుగా ఉన్న కంపెనీ పేరున్న డొమైన్ మూడు వారాల క్రితం పుట్టిందంటే ఇంకేం చూడనక్కర్లేదు.

ఇక రెండో మాట సగమే నిజం అనడానికి కారణం. నిజమైన కంపెనీలు కూడా తమ డొమైన్ నుంచే అన్ని మెయిళ్లూ పంపవు. దరఖాస్తులను నడిపే సాఫ్ట్‌వేర్లు వాడతాయి, వాటి మెయిళ్లు ఆ సాఫ్ట్‌వేర్ సంస్థ డొమైన్ నుంచి వస్తాయి. వర్క్‌డే వాడే కంపెనీల నుంచి `myworkday.com` తో మెయిల్ రావడం మామూలే. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ మరో ఏజెన్సీ చేస్తుంది, దాని మెయిల్ దాని పేరుతో వస్తుంది. నియామకం కన్సల్టెన్సీకి ఇస్తే మొదటి ఫోన్ ఆ కన్సల్టెన్సీ నుంచే వస్తుంది, అది వాట్సాప్‌లోనూ మాట్లాడుతుంది. నోటీసును తు.చ. తప్పకుండా పాటించిన అభ్యర్థి ఒక్కోసారి నిజమైన ఇంటర్వ్యూ పిలుపును కూడా ఫేక్ అనుకుని వదిలేస్తాడు. ఈ లోపం కంపెనీలదే. మేం వాడే డొమైన్లు ఇవి, మా వెరిఫికేషన్ ఏజెన్సీలు ఇవి, మా తరఫున పిలిచే కన్సల్టెన్సీలు ఇవి అని ఓ చిన్న పట్టిక పెడితే సగం టెన్షన్ తీరుతుంది. అలా పెట్టేవి చాలా తక్కువ. ఏం నమ్మకూడదో అన్ని నోటీసులూ చెబుతాయి, ఏం నమ్మాలో చెప్పడం దగ్గరకు వచ్చేసరికి పొడిపొడిగా ముగిస్తాయి.

వచ్చిన దారిన కాకుండా

మెయిల్‌ను ఎంత తరచి చూసినా ‘అసలు’ అని తేలదంటే మరి తేల్చేది ఏది? దారి మార్చడం. వచ్చిన మెసేజ్‌లో ఉన్న లింకు, నంబరు, అడ్రసు ఏదీ వాడకుండా, కంపెనీని మనమే వేరే దారిలో పట్టుకుని అడగడం.

ఆ అమ్మాయి విషయంలో అది ఇలా ఉంటుంది. కంపెనీ సైట్ అడ్రసును తనే బ్రౌజర్లో టైప్ చేసి కెరీర్స్ పేజీకి వెళుతుంది. గూగుల్‌లో ‘ఫలానా కంపెనీ హెచ్‌ఆర్ కాంటాక్ట్ నంబర్’ అని వెతకడం మంచిది కాదు, ఆ ఫలితాల్లో మోసగాళ్లు పెట్టిన నంబర్లు కూడా తేలుతుంటాయి. కెరీర్స్ పేజీలో ఆ ఉద్యోగం, ఆ ఊరు ఉందా అని చూస్తుంది. తర్వాత లాగిన్. చాలా పెద్ద కంపెనీల్లో ప్రతి అభ్యర్థికీ పోర్టల్లో ఒక ఖాతా, ఒక నంబరు ఉంటాయి. టీసీఎస్‌లో ఫ్రెషర్లు నెక్స్ట్‌స్టెప్ పోర్టల్లో నమోదైతే సీటీ లేదా డీటీతో మొదలయ్యే రిఫరెన్స్ నంబరు వస్తుంది. దరఖాస్తు ఏ దశలో ఉందో పోర్టల్లోనే తెలుస్తుంది. పోర్టల్లో ఖాతానే లేకుండా, దరఖాస్తే చేయకుండా ఆఫర్ లెటర్ మెయిల్లో ఊడిపడిందంటే అది ఆ కంపెనీ పద్ధతి కాదు.

పోర్టల్ లేని చిన్న కంపెనీ అయితే నోటీసులోని మూడో మాట పనికొస్తుంది. అనుమానాల కోసం ఇచ్చిన ఐడీకి మెయిల్ రాయాలి. ‘ఇది ఫేకా?’ అని ఒక్క ముక్క రాస్తే జవాబు ఆలస్యమవుతుంది. ఆఫర్ లెటర్ పీడీఎఫ్, పంపిన మెయిల్ పూర్తి అడ్రసు, ఫోన్ నంబరు, లెటర్ మీది రిఫరెన్స్ నంబరు, సంతకం చేసిన వ్యక్తి పేరు జతచేసి, ‘ఈ నంబరుతో మీరు ఆఫర్ ఇచ్చారా’ అని అడిగితే అవతలివాళ్లు తమ రికార్డులో చూసి అవును, కాదు అని చెప్పగలరు. ఫ్రెషర్లకు ఇంకో దారి కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసరు. కంపెనీ క్యాంపస్ టీమ్‌లో ఎవరో ఒకరి నంబరు ఆయన దగ్గర ఉంటుంది, రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

లింక్డ్‌ఇన్‌లో రిక్రూటర్ పేరు వెతికి, ప్రొఫైల్ కనిపించగానే నమ్మేయడం తప్పు. ఆ పేరుతో నిజంగానే ఓ రిక్రూటర్ ఆ కంపెనీలో ఉండొచ్చు. మోసగాడు ఆయన పేరు, ఫొటో వాడుకుని ఉండొచ్చు. ఆ ప్రొఫైల్‌కు లింక్డ్‌ఇన్‌లోనే మెసేజ్ పెట్టి ‘ఈ నంబరు మీదేనా అండీ’ అని అడిగితే అది పరీక్ష అవుతుంది. చూసి ఊరుకుంటే కాదు.

వీటిలో మనుషులు జవాబివ్వాల్సినవాటికి సోమవారం దాకా ఆగాలి. గడువు శనివారం. ఇక్కడ ఒక చిన్న ఎత్తు ఉంది. ‘సోమవారం పదకొండింటికి కడతాను, మీ ఆఫీసు ల్యాండ్‌లైన్ నుంచి ఒకసారి ఫోన్ చేయండి’ అనాలి. నిజమైన హెచ్‌ఆర్ అయితే రెండు రోజుల కోసం ఆఫర్ రద్దు చేయరు. అవతలివాడు మాత్రం ‘మేడమ్, సీటు వేరేవాళ్లకు వెళ్లిపోతుంది, మీ ఇష్టం’ అంటాడు. ఐదు నిమిషాలాగి, ‘మీ కోసం మా సర్‌ని రిక్వెస్ట్ చేశాను, ఇప్పుడు సగం కట్టండి చాలు’ అంటాడు. ఫీజులో బేరం మొదలైందంటే అది కంపెనీ కాదు.

డబ్బు మాట ఎందుకు గట్టిది

నోటీసులోని మొదటి మాట గట్టిదనడానికి కారణం, దాన్ని పరీక్షించడానికి తెలివితేటలు అక్కర్లేదు. వెరిఫికేషన్ ఖర్చు కంపెనీదే. లాప్‌టాప్ కంపెనీదే. యూపీఐలో పంపేముందు యాప్ ఖాతాదారు పేరు చూపిస్తుంది. అక్కడ కంపెనీ పేరు బదులు ఏ సంబంధం లేని ఓ మనిషి పేరు వచ్చినా ‘మా అకౌంట్స్ మేనేజర్ అండీ’ అని సర్దిచెబుతారు. ఆ పేరు కూడా మోసగాడిది కాదు. కమీషన్‌కు ఆశపడి తన ఖాతాను అప్పగించిన ఇంకెవరిదో. పోలీసులు వీటిని మ్యూల్ ఖాతాలంటారు.

ఈ నియమానికి చట్టం ఒప్పుకున్న మినహాయింపు ఒకటుంది, కరీంనగర్, నిజామాబాద్, కడప వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు అది తెలియాలి. విదేశీ ఉద్యోగాలకు పంపేందుకు వలస చట్టం కింద కేంద్రం లైసెన్సు ఇచ్చిన ఏజెంట్లు సేవా రుసుము తీసుకోవచ్చు. దాని గరిష్ఠ పరిమితి 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్లో కనబడుతుంది. ఈ మినహాయింపు ఏజెంటుకు, విదేశీ ఉద్యోగానికి మాత్రమే. హైదరాబాద్ ఐటీ ఉద్యోగానికి దీన్ని అన్వయించి చెప్పేవాడు ఉంటే వాడు అబద్ధమాడుతున్నట్టే.

నోటీసు అసలు తాకని రకం ఒకటి మిగిలింది. బ్యాక్‌డోర్. అమీర్‌పేట, మాదాపూర్ చుట్టుపక్కల ఈ మాట తెలియని నిరుద్యోగి ఉండడు. ‘కంపెనీలో మా మనిషి ఉన్నాడు, ఇంటర్నల్ రిఫరెన్స్, రెండు లక్షలు, సగం ముందు, సగం జాయినయ్యాక’ అన్నది బేరం. ఇక్కడ అభ్యర్థికి ఇది దొడ్డిదారి అని ముందే తెలుసు. కంపెనీ డబ్బు అడగదని నోటీసు చెబితే, ‘అవును, కంపెనీ అడగలేదు, లోపలి మనిషి అడిగాడు’ అని మనసులో సమాధానం సిద్ధంగా ఉంటుంది. పైగా, ‘హెచ్‌ఆర్‌ని అడిగితే మొత్తం పాడవుతుంది, ఎవరికీ చెప్పొద్దు’ అని ముందే నోరు కట్టేస్తారు. సరిచూసుకోగలిగిన ఒకే ఒక్క దారిని అభ్యర్థి చేతే మూయించడం అది. మోసపోయాక కూడా, తానూ తప్పు చేశానన్న భయంతో చాలామంది బయటకు చెప్పరు.

డబ్బు కట్టకపోయినా

మన అమ్మాయి చివరి నిమిషంలో డబ్బు కట్టకుండా ఆగిపోయిందనుకుందాం. అయితే శుక్రవారం రాత్రే ఆధార్, పాన్, సర్టిఫికెట్లు, క్యాన్సిల్డ్ చెక్, ఫొటో అన్నీ వాట్సాప్‌లో పంపేసింది. ఇంట్లో అందరూ డబ్బు పోలేదని ఊపిరి పీల్చుకుంటారు కానీ, ఆ కాగితాలకూ ధర ఉంది. వాటితో ఇంకొకరు సిమ్ తీసుకోవచ్చు, లోన్ యాప్‌లో అప్పు తీసుకోవచ్చు, బ్యాంకు ఖాతా తెరవొచ్చు. ‘శాలరీ అకౌంట్ మేమే తెరిపిస్తాం, వచ్చిన ఓటీపీ చెప్పండి’ అన్నది ఇందులో అన్నిటికన్నా ప్రమాదం. ఆ ఖాతా రేపు ఇంకో మోసంలో మ్యూల్ ఖాతా అయితే నోటీసు వచ్చేది ఈ అమ్మాయి ఇంటికే.

పంపేసినవాళ్లు చేయదగ్గవి కొన్ని ఉన్నాయి. ఆధార్ సైట్లో బయోమెట్రిక్స్ లాక్ చేయొచ్చు. సంచార్ సాథీ పోర్టల్లో తమ పేరు మీద ఎన్ని మొబైల్ కనెక్షన్లు ఉన్నాయో చూసి, తమవి కానివాటిని రిపోర్ట్ చేయొచ్చు. సిబిల్ లాంటి ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. రెండు మూడు నెలలయ్యాక దాన్ని తీసి, తెలియని అప్పు ఏదైనా ఎక్కిందేమో చూడాలి, ఎందుకంటే దొంగ అప్పు వెంటనే రిపోర్టులో కనబడదు. ముందుముందు ఎవరికైనా ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇస్తే మంచిది.

డబ్బు కట్టేసి ఉంటే మొదటి పని సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. కంపెనీకి మెయిల్ రాయడం, మోసగాడితో గొడవపడటం తర్వాత. 1930కి చెప్పిన వివరాలను బట్టి బ్యాంకులు ఆ డబ్బు ఏ ఖాతాకు వెళ్లిందో, అక్కడి నుంచి ఎటు కదిలిందో చూసి, మిగిలినదాన్ని ఆపుతాయి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ, చివరికి ఏటీఎంలో నోట్లుగా బయటికి వచ్చేస్తే ఆపడానికి ఏమీ మిగలదు. కాబట్టి గంటల లెక్కే ఇక్కడ లెక్క. ఫోన్ చేసేటప్పుడు యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు తెరిస్తే కనిపించే 12 అంకెల లావాదేవీ నంబరు, మొత్తం, సమయం చేతిలో ఉండాలి. తర్వాత `cybercrime.gov.in` లో ఫిర్యాదు నమోదు చేసి రసీదు నంబరు తీసుకోవాలి. కంప్యూటర్ లేదా ఫోన్ ద్వారా ఇంకొకరిలా నటించి మోసం చేయడం ఐటీ చట్టం 66డి కింద నేరం, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. బ్యాక్‌డోర్ అని తెలిసే డబ్బిచ్చినవాళ్లు కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

కోపంతో చాట్ డిలీట్ చేసి, నంబరు బ్లాక్ చేసేవాళ్లు ఎక్కువ. బ్లాక్ చేయడంలో తప్పు లేదు కానీ అంతకుముందే వాట్సాప్ చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవాలి. మెయిల్‌ను `Show original` పేజీలోంచి డౌన్‌లోడ్ చేసి దాచుకోవాలి. స్క్రీన్‌షాట్‌లో ఆ లోపలి వివరాలు ఉండవు. అదే ఫైలును కంపెనీ ఇచ్చిన ఐడీకి కూడా పంపితే, వాళ్లు ఆ నకిలీ డొమైన్‌ను అమ్మిన సంస్థకు రాసి దాన్ని మూయించగలరు. అప్పటికి ఆ `narnuna` నుంచి ఇంకెందరికి లెటర్లు వెళ్లాయో మాత్రం కంపెనీకీ తెలియదు, మెయిల్ అందుకున్న ఎవరో ఒకరు రాస్తేనే తెలుస్తుంది.